రోజుకు మూడు వాక్యాలు, నెలకు ఒక పేజీ: అప్రైజల్‌కు ముందు మన పనికి ఆధారాలు కూర్చుకోవడం

(హైదరాబాద్‌లో ఐటీ సపోర్ట్, టెస్టింగ్ ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగాన్ని, రాలేకపోయిన మిత్రుల కోసం రికార్డింగ్ నుంచి రాసి పెట్టాము.)

మిత్రులారా, నమస్కారం. నేను చాలా ఏళ్లుగా ప్రొడక్షన్ సపోర్ట్ టీములను నడుపుతున్నాను. ప్రతి ఏడాదీ మార్చి నెలలో నా టీములోని వారు రాసిన సెల్ఫ్ అప్రైజల్ ఫారాలు చదివి, వాటికి రేటింగ్ ప్రతిపాదించి, ఆ రేటింగును ఇతర మేనేజర్ల ముందు సమర్థించుకోవలసిన పని నాది. కాబట్టి ఈరోజు నేను చెప్పేది ఆ ఫారం రాసేవారి వైపు నుంచి కాదు, దాన్ని చదివి మీ తరఫున మాట్లాడవలసినవారి వైపు నుంచి. ఆ వైపు నుంచి చూస్తే ఏది పనికివస్తుంది, ఏది పనికిరాదు అనేది చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను. పోయిన జూలైలో మీరు చేసిన పనుల్లో మూడింటిని, ఏ కంప్యూటరూ తెరవకుండా, ఇప్పుడు చెప్పగలరా? పెద్ద రిలీజ్ ఏదైనా ఉంటే అది గుర్తుంటుంది. రాత్రంతా నిద్ర లేకుండా చేసిన ఇన్సిడెంట్ ఒకటి ఉంటే అదీ గుర్తుంటుంది. మిగిలినవి? ఫారం తెరిచి కూర్చున్నప్పుడు మనకు గుర్తొచ్చేవి ఫిబ్రవరి, మార్చి నెలల పనులే. చదివే మేనేజరుకు గుర్తున్నవీ అవే. అందువల్ల ఏప్రిల్ నుంచి జనవరి వరకు నిలకడగా పనిచేసి, ఫిబ్రవరిలో ఒక పొరపాటు చేసినవారికి ఆ ఒక్క పొరపాటే ఏడాది మొత్తంగా మిగిలిపోతుంది. ఇది మేనేజర్ల దురుద్దేశం వల్ల జరిగేది కాదు. ఇద్దరి దగ్గరా రాసి పెట్టుకున్న లెక్క లేకపోవడం వల్ల జరిగేది.

అయితే నేను చెప్పదలచుకున్న అసలు విషయం మరచిపోవడం గురించి కాదు. జ్ఞాపకశక్తి ఎంత బాగున్నవారికైనా ఇంకో ఇబ్బంది ఉంది. మీరు ఒక పనిని బాగుచేశారని నిరూపించాలంటే, బాగుచేయక ముందు అది ఎలా ఉండేదో చూపించాలి. ఆ ముందటి స్థితి మీరు పని పూర్తి చేసిన రోజు నుంచే మాయం కావడం మొదలవుతుంది. సర్వర్ లాగులు కొన్ని వారాల తర్వాత చెరిగిపోతాయి. చాలా డ్యాష్‌బోర్డులు గడిచిన 30 రోజులో, 90 రోజులో మాత్రమే చూపిస్తాయి. చాట్‌లో క్లయింట్ రాసిన మాటలు కొంతకాలానికి సంస్థ నియమాల ప్రకారం తొలగిపోతాయి. అన్నింటికంటే ముఖ్యంగా, మిమ్మల్ని ఒక ప్రాజెక్టు నుంచి మరొక ప్రాజెక్టుకు మార్చిన రోజున పాత క్లయింట్ సిస్టమ్‌లోకి మీ ప్రవేశం ఆగిపోతుంది. ఆ తర్వాత మీరు రాసిన టికెట్లనే మీరు చూడలేరు. మీలో ప్రాజెక్టు మారినవారు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తినవారిని చూస్తే సగం కంటే ఎక్కువే కనిపిస్తున్నారు. మీ అందరికీ ఈ సంగతి అనుభవంలో ఉన్నదే.

కాబట్టి రోజూ రాసుకోవడం అనేది, గుర్తు పెట్టుకోవడానికి చేసే ఏర్పాటు మాత్రమే అనుకోకండి. ఆధారం చెరిగిపోక ముందే దాన్ని ఒక అంకెగానో, ఒక టికెట్ నంబరుగానో పట్టి ఉంచడానికి చేసే ఏర్పాటు అది. ఈ ఒక్క మాట మనసులో ఉంటే, ఏది రాయాలి, ఏది రాయనక్కరలేదు అనే సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరిపోతాయి.

రోజూ ఏమి రాయాలి

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ఆచార్యురాలు టెరెసా అమాబిలే, పరిశోధకుడు స్టీవెన్ క్రేమర్ కలిసి ఒక పెద్ద అధ్యయనం చేశారు. 7 కంపెనీలకు చెందిన 238 మంది ఉద్యోగులు రోజూ పని ముగిశాక రాసి పంపిన దాదాపు 12,000 డైరీ నమోదులను వారు పరిశీలించారు. చేస్తున్న పని, కొంచెమే అయినా, ముందుకు కదిలిన రోజునే ఉద్యోగులు మంచి రోజుగా అనుభవించారని వారు తేల్చారు. ఈ ఫలితాన్ని చాలామంది చెబుతారు. కానీ నాకు అంతకంటే ఉపయోగకరంగా అనిపించినది వారు ఆ డైరీలో అడిగిన ప్రశ్న. ఈరోజు జరిగినవాటిలో మీ మనసులో నిలిచిన ఒక సంఘటనను క్లుప్తంగా చెప్పండి అని అడిగారు. గమనించండి, రోజంతా ఏం చేశారని అడగలేదు. ఒక సంఘటన అడిగారు.

మనం చేసే పొరపాటు ఇక్కడే ఉంది. రాయమంటే టైమ్‌షీట్ రాస్తాం. ఉదయం కాల్, తర్వాత టికెట్లు, మధ్యాహ్నం డాక్యుమెంటేషన్, సాయంత్రం మళ్ళీ కాల్. దీన్ని 30 రోజుల తర్వాత చదివితే మీరు ఎంతసేపు కూర్చున్నారో తెలుస్తుంది గాని, మీరు కూర్చోవడం వల్ల ఏమి మారిందో తెలియదు. మీరు రోజూ రాసుకునే ఈ నమోదుల లాగు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి చెబుతాను. వారం రోజుల లాగు తీసి, ప్రతి వాక్యం చివర ఉన్న క్రియ చూడండి. ‘చూశాను’, ‘పాల్గొన్నాను’, ‘సహకరించాను’, ‘పనిచేశాను’ అనేవే ఎక్కువగా ఉంటే అది టైమ్‌షీట్. ‘ఆపాను’, ‘తగ్గించాను’, ‘కనిపెట్టాను’, ‘పూర్తిచేసి అప్పగించాను’, ‘ఒప్పించాను’ అనేవి ఉంటే అది మనం కోరుకునే లాగు.

రోజుకు మూడు వాక్యాలు చాలు. మొదటి వాక్యంలో ఈరోజు ఏది కదిలింది అనేది రాయండి. రెండో వాక్యంలో అంతకు ముందు అది ఎలా ఉండేది, వీలైతే అంకెతో రాయండి. మూడో వాక్యంలో దానికి సాక్ష్యం ఎక్కడ ఉంది అనేది రాయండి. సాక్ష్యం అంటే ఇన్సిడెంట్ నంబరు, చేంజ్ రిక్వెస్ట్ నంబరు, మెయిల్ వచ్చిన తేదీ, లేదా ఆ పనిని చూసిన మనిషి పేరు. ఇది మూడు నుంచి ఐదు నిమిషాల పని. ల్యాప్‌టాప్ మూయబోయే ముందు చేయండి. మరుసటి ఉదయం చేద్దామనుకుంటే స్టాండప్ కాల్ వచ్చేస్తుంది, అంతటితో ఆ రోజు పోతుంది.

ఏమీ కదలని రోజులు ఉంటాయి. ఆ రోజు ఏమీ రాయకండి, లేదా ఏది అడ్డుపడిందో ఒక్క వాక్యం రాయండి. అనుమతి కోసం నాలుగు రోజులు ఆగవలసి వచ్చిందని అప్పటికప్పుడు రాసి ఉంచితే, తర్వాత ఎవరైనా ఆలస్యం ఎందుకని అడిగినప్పుడు అది సాకులా కాకుండా తేదీలతో సహా ఉన్న సమాధానంలా ఉంటుంది. ఒకటి రెండు రోజులు రాయడం తప్పిపోతే, పంపిన మెయిళ్లు, క్యాలెండరు, మూసిన టికెట్లు చూసి నింపుకోవచ్చు. వారం దాటితే మాత్రం వదిలేయండి. అప్పుడు రాసేది ఊహతో రాసినదవుతుంది, ఊహతో రాసిన ఒక్క వాక్యం పట్టుబడినా మిగిలిన వాక్యాలన్నిటి మీద నమ్మకం పోతుంది.

ఒక నెల పనిని పూర్తిగా చూద్దాం

ఇప్పుడు ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. ఇది నేను ఈ ప్రసంగం కోసం కూర్చిన ఉదాహరణ. అంకెలు కూడా అందుకోసం పెట్టినవే, కానీ సపోర్ట్‌లో ఉన్నవారికి ఇందులో కొత్తేమీ కనిపించదు.

ఒక అమ్మాయి బీమా సంస్థ క్లెయిమ్ చెల్లింపుల అప్లికేషన్‌కు సపోర్ట్ చూస్తోందనుకుందాం. రాత్రి 11 గంటలకు ఒక బ్యాచ్ జాబ్ మొదలవుతుంది. ఉదయం 6 గంటల లోపు అది పూర్తి కావాలి. బ్యాంకు నుంచి రావలసిన ఫైలు ఆలస్యమైతే జాబ్ ఆగిపోతుంది. అప్పుడు ఆన్-కాల్‌లో ఉన్నవారు లేచి, ఫైలు వచ్చిందో లేదో చూసి, జాబ్‌ను రీరన్ చేయాలి. టీములో అందరూ దీన్ని మామూలు విషయంగా తీసుకుని ఏళ్లు గడిపేశారు.

అక్టోబర్ 6న ఆమె లాగులో ఇలా ఉంది: ‘రాత్రి బ్యాచ్ ఆగింది, ఈ నెలలో ఇది 3వ సారి. సెప్టెంబర్ ఇన్సిడెంట్లు తీసి చూశాను: మొత్తం 11 సార్లు ఆగింది, అందులో 9 సార్లు కారణం ఫైలు ఆలస్యం. చివరి మూడు టికెట్ల ప్రకారం ఒక్కో రీరన్‌కు సుమారు 40 నిమిషాలు పడుతోంది.’ పక్కనే టికెట్ నంబర్లు ఉన్నాయి. ఆ రోజు ఆమె దేన్నీ బాగుచేయలేదు. అయినా నెల మొత్తంలో అత్యంత విలువైన నమోదు అదే, ఎందుకంటే ముందటి స్థితి ఆ రోజు అంకెగా మారింది. 9 సార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు అంటే, నెలకు 6 గంటల రాత్రి నిద్ర అన్నమాట. ఈ లెక్క ఆమె మార్చిలో చేయబోతే సెప్టెంబర్ వివరాలు దొరికేవా?

అక్టోబర్ 9న రాసినది: ‘ఫైలు వచ్చేదాకా ప్రతి 5 నిమిషాలకు ఒకసారి చూసి, గంట దాటినా రాకపోతే హెచ్చరిక పంపే చిన్న స్క్రిప్టు రాశాను. చేంజ్ రిక్వెస్ట్ పెట్టాను.’ 14న: ‘టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో పరీక్షించాను. డేటాబేస్ టీములోని సహోద్యోగి ఒక లోపం చూపించారు: ఫైలు సగం వచ్చి ఉన్నప్పుడు కూడా స్క్రిప్టు వచ్చిందనే అనుకుంటోంది. సరిచేశాను.’ 16న: ‘ప్రొడక్షన్‌లోకి వెళ్లింది. 1 నుంచి 16 వరకు మొత్తం 6 సార్లు ఆగింది, 5 సార్లు ఫైలు కారణం.’ ఇక 31న: ‘17 నుంచి ఈరోజు దాకా 2 సార్లు ఆగింది, రెండింటికీ కారణం వేరు. ఫైలు ఆలస్యంగా వచ్చిన రాత్రులు 4. నాలుగింటిలోనూ జాబ్ వేచి ఉండి తానే పూర్తయింది.’

ఈ చివరి నమోదును కాస్త ఆగి చూడండి. ఐదు నుంచి సున్నాకు తగ్గిందని మాత్రమే రాసి ఉంటే, ఎవరైనా ఒక ప్రశ్న వేయవచ్చు: బ్యాంకు వాళ్లే ఫైలును సమయానికి పంపడం మొదలుపెట్టారేమో? ఫైలు ఆలస్యమైన రాత్రులు ఇంకా 4 ఉన్నాయని ఆమె రాసింది కాబట్టి ఆ ప్రశ్నకు చోటు లేదు. మార్పు తన పని వల్లనే వచ్చిందని చెప్పే అంకె అది. మీరు ఏదైనా తగ్గిందని రాస్తున్నప్పుడు, తగ్గడానికి వేరే కారణం ఉండవచ్చా అని మీకు మీరే అడిగి, దానికి సమాధానం చెప్పే అంకె ఒకటి పక్కన పెట్టండి. ఇది చేసేవారిని నేను చాలా తక్కువమందిని చూశాను. అలా చేసినవారి మాటను, మేనేజర్లంతా కూర్చుని రేటింగులు పోల్చే గదిలో ఎవరూ కాదనలేరు.

ఈ నెలలోనే ఆమె లాగులో ఇంకా చాలా ఉన్నాయి. కొత్తగా చేరిన అబ్బాయికి సర్వర్ లాగులు చదవడం నేర్పింది, వారం తర్వాత అతను ఒంటరిగా ఒక ఇన్సిడెంట్ మూశాడు. ఒక క్లయింట్ ఉద్యోగి అడిగిన చెల్లింపు సందేహం తీర్చింది. రన్‌బుక్‌లో రెండు పేజీలు తిరగరాసింది. ఆడిట్ కోసం అడిగిన వివరాలు మూడుసార్లు తీసి ఇచ్చింది. మామూలు టికెట్లు అనేకం మూసింది.

నెలాఖరున కూర్చునే ఆ 45 నిమిషాలు

నెల చివరి పనిదినాన, లేదా మరుసటి నెల మొదటి రెండు రోజుల్లో, ఆ నెల పనికి ఒక పేజీ సారాంశం రాయడానికి క్యాలెండరులో 45 నిమిషాలు కేటాయించి పెట్టుకోండి. ముందుగా నెల లాగు మొత్తం ఒకసారి చదవండి. పక్కన మీ గోల్ షీట్ తెరిచి ఉంచండి. ప్రతి నమోదు పక్కన అది ఏ గోల్‌కు చెందుతుందో ఆ సంఖ్య వేయండి. ఏ గోల్‌కూ చెందనివాటి పక్కన సున్నా వేయండి.

ఈ సున్నాలను నిర్లక్ష్యం చేయకండి. మన ఉదాహరణలో ఆడిట్ వివరాలు మూడుసార్లు ఇచ్చిన పని ఏ గోల్‌లోనూ లేదు. ఒక నెలలో అలాంటివి ఒకటి రెండు ఉంటే ఫరవాలేదు. వరుసగా రెండు నెలలు సగం నమోదుల పక్కన సున్నాలే ఉంటే దానర్థం ఏమిటి? ఏప్రిల్‌లో మీరు ఒప్పుకున్న పని వేరు, మీ చేత చేయిస్తున్న పని వేరు అని. ఇది మార్చిలో బయటపడితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆగస్టులో బయటపడితే మేనేజరుతో కూర్చుని గోల్స్ మార్చుకోవచ్చు. చాలా సంస్థల్లో అర్ధసంవత్సర సమీక్ష అంటూ ఒకటి ఉంటుంది, దాన్ని ఇందుకు వాడుకోండి. నా దృష్టిలో నెలవారీ సారాంశం వల్ల కలిగే మేళ్లలో ఇది అన్నిటికంటే పెద్దది. రేటింగ్ కంటే ముందే పనికి వచ్చేది ఇదే.

తర్వాత, ఒకే పనికి చెందిన నమోదులను ఒకచోట చేర్చండి. 6, 9, 14, 16, 31 తేదీల నమోదులు ఐదు విజయాలు కావు, ఒకే పని యొక్క ఐదు మెట్లు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటీ చిన్నది, కలిపి చూస్తేనే దాని పరిమాణం తెలుస్తుంది. అలా చేర్చాక మూడో నాలుగో అంశాలు మిగలాలి. అంతకంటే ఎక్కువ ఉంటే తీసివేయండి. తీసివేయడం చాలామందికి కష్టంగా ఉంటుంది, అంత శ్రమపడి చేశాం కదా అనిపిస్తుంది. కానీ పన్నెండు అంశాలు పంపితే చదివేవారు మొదటి రెండు చదివి మిగిలినవి వదిలేస్తారు. ఏ రెండు చదవాలో నిర్ణయించే అవకాశాన్ని మీరే వదులుకున్నట్టవుతుంది. తీసివేసినవి లాగులో ఎలాగూ ఉంటాయి, ఎక్కడికీ పోవు.

మన అమ్మాయి సారాంశంలో మొదటి అంశాన్ని చదువుతాను. ‘క్లెయిమ్ చెల్లింపుల రాత్రి బ్యాచ్, ఫైలు ఆలస్యం వల్ల సెప్టెంబర్‌లో 9 సార్లు ఆగింది. ఒక్కో రీరన్‌కు సుమారు 40 నిమిషాలు పట్టేది. ఫైలు పూర్తిగా వచ్చేదాకా వేచి ఉండే స్క్రిప్టు రాసి అక్టోబర్ 16న ప్రొడక్షన్‌లో పెట్టాను. డేటాబేస్ టీము సమీక్షించి, సగం ఫైలు సమస్యను గుర్తించింది. ఆ తర్వాతి 15 రోజుల్లో ఫైలు 4 సార్లు ఆలస్యమైనా జాబ్ ఒక్కసారి కూడా ఆ కారణంతో ఆగలేదు. నవంబర్‌లోనూ గమనించి తుది ఫలితం చెబుతాను.’ అంతే. ఆరు వాక్యాలు. ఇందులో ‘అంకితభావంతో’, ‘చొరవ తీసుకుని’, ‘అదనపు బాధ్యతగా’ లాంటి మాటలు ఒక్కటీ లేవు. ఆ మాటలు చదివినవారు అనుకోవాలి గాని రాసినవారు అనకూడదు.

ఇందులో మరో రెండు సంగతులు గమనించమని కోరుతున్నాను. డేటాబేస్ టీము చేసిన భాగాన్ని ఆమె తన ఖాతాలో వేసుకోలేదు. మీరు రాసిన ప్రతి అంశాన్నీ, అందులో పాలుపంచుకున్న సహోద్యోగి ముందు బిగ్గరగా చదవగలరా అని చూసుకోండి. చదవలేకపోతే దాన్ని తిరగరాయాలి. ఎందుకంటే ఆ సహోద్యోగి మేనేజరూ అదే గదిలో ఉంటారు, ఆయన దగ్గరా ఒక కాగితం ఉంటుంది. ఇక రెండోది, ఆమె 6 గంటల సమయాన్ని రూపాయల్లోకి మార్చలేదు. మనలో చాలామంది ఇక్కడ జారిపోతారు. గంటకు ఇంత అని ఏదో లెక్క వేసి, క్లయింటుకు ఇన్ని లక్షలు ఆదా చేశానని రాస్తారు. క్లయింటో, ఫైనాన్స్ విభాగమో ఇచ్చిన అంకె అయితే రాయండి. మీరే వేసిన లెక్క అయితే గంటల దగ్గర ఆగండి.

జరగకుండా ఆపిన పనుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సపోర్ట్‌లో మన పని చాలావరకు అదే. డిస్క్ నిండబోతుంటే ముందే చూసి ఖాళీ చేశారు. సర్టిఫికెట్ గడువు ముగియబోతుంటే ముందే మార్చారు. ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి ఏ టికెట్టూ లేదు, ఎవరూ మెచ్చుకోలేదు. దీన్ని ఎలా రాయాలి? ఊహించిన నష్టాన్ని రాయకండి. హెచ్చరిక వచ్చిన సమయం, గడువు తేదీ, మీరు మార్చిన తేదీ, ఇంతకు ముందు ఇలాంటిది నిజంగా జరిగి ఉంటే ఆ ఇన్సిడెంట్ నంబరు, అప్పుడు సేవ ఎంతసేపు ఆగిందీ రాయండి. గతంలో జరిగిన ఒక్క నిజమైన సంఘటన, పది ఊహల కంటే ఎక్కువ బరువు తూగుతుంది.

సారాంశం చివర, పూర్తి కాని పని ఒకటి, దానికి కారణంతో సహా రాయండి. అన్నీ విజయాలే ఉన్న కాగితాన్ని ఏ మేనేజరూ పూర్తిగా నమ్మరు. పైగా సమస్య మీ నుంచే ముందుగా తెలిస్తే ఆయన సాయం చేసే వీలుంటుంది.

పంపడం గురించి

దీన్ని మేనేజరుకు మెయిల్‌లోనే రాసి పంపండి, అటాచ్‌మెంట్‌గా వద్దు. ప్రతి నెలా సబ్జెక్ట్ లైన్ ఒకే తీరులో ఉంచి నెల పేరు మాత్రం మార్చండి. అలా చేస్తే మార్చిలో ఆయన వెతికినా, మీరు వెతికినా పన్నెండూ ఒకేసారి వస్తాయి. పంపి ఊరుకోకుండా, తర్వాతి వన్-ఆన్-వన్‌లో ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ నాలుగింటిలో మీకు ముఖ్యంగా కనిపించింది ఏది సార్?’ మీకు గొప్పగా అనిపించినది ఆయనకు మామూలుగా, మీరు చివర రాసినది ఆయనకు ముఖ్యంగా కనిపించడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆ తేడా నవంబర్‌లో తెలిస్తే మిగిలిన నెలలకు దారి తెలుస్తుంది.

మార్చిలో ఏమి జరుగుతుందో మీలో కొందరికి తెలియకపోవచ్చు. మీ మేనేజర్ ప్రతిపాదించిన రేటింగ్ నేరుగా ఖాయం కాదు. అనేక సంస్థల్లో ఒకే స్థాయి ఉద్యోగులున్న మేనేజర్లంతా హెచ్‌ఆర్ వారితో కలిసి కూర్చుని, రేటింగులను పోల్చి సర్దుబాటు చేస్తారు. పై రేటింగులు ఎంతమందికి ఇవ్వవచ్చు అనే పరిమితి కూడా తరచుగా ఉంటుంది. అక్కడ ఒక్కొక్కరి గురించి మాట్లాడటానికి దొరికేది కొన్ని నిమిషాలు మాత్రమే. ‘ఈ అమ్మాయి చాలా కష్టపడుతుందండీ’ అని నేను అంటే, పక్కన ఉన్న మేనేజరు ‘మా అబ్బాయి కూడా కష్టపడతాడు’ అంటారు. అక్కడితో నా వాదన అయిపోయినట్టే. ‘ఫైలు ఆలస్యం వల్ల నెలకు 9 సార్లు ఆగే జాబ్‌ను ఆగకుండా చేసింది, అప్పటి నుంచి ఆన్-కాల్‌లో ఆ కారణంతో ఎవరూ లేవలేదు’ అంటే వారు వినవలసిందే. ఆ వాక్యాన్ని నా చేతికి ఇవ్వవలసినది మీరే. అది నాకు అక్టోబర్ నుంచీ తెలిసి ఉంటే నేను దాన్ని కాగితం చూడకుండా చెప్పగలను.

దీనికి ఒక హద్దు ఉంది, అది దాచను. పరిమితి ఉన్నచోట మీరు ఎంత బాగా రాసినా అనుకున్న రేటింగ్ రాకపోవచ్చు. మీకంటే ఎక్కువ చేసినవారు ఉండవచ్చు, లేదా ఆ ఏడాది మీ విభాగానికి వచ్చిన సంఖ్యే తక్కువ కావచ్చు. అప్పుడు కూడా, ‘నాకు అన్యాయం జరిగింది’ అని కాకుండా ‘ఈ నాలుగు పనుల్లో ఏది తక్కువైంది, పై రేటింగుకు ఏది ఉండవలసింది’ అని అడగగలుగుతారు. దానికి మేనేజరు సూటిగా జవాబు చెప్పక తప్పదు.

మధ్యలో మేనేజర్ మారితే ఈ పన్నెండు మెయిళ్ల విలువ రెట్టింపవుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వార్షిక పనితీరు నివేదికలో ఒక మంచి నియమం ఉంది. కనీసం 3 నెలలు ఆ ఉద్యోగి పనిని పర్యవేక్షించిన అధికారి మాత్రమే నివేదిక రాయగలరు. అందువల్ల అధికారి మధ్యలో మారితే ఏడాదిని భాగాలుగా చేసి ఎవరి భాగం వారు రాస్తారు. ప్రైవేటు సంస్థల్లో సాధారణంగా ఇలాంటి నియమం ఉండదు. జనవరిలో వచ్చిన మేనేజరే ఏడాది మొత్తానికి రేటింగ్ ఇస్తారు. పాత మేనేజరు వెళ్లే వారంలో, అప్పటిదాకా పంపిన సారాంశాలన్నీ ఒకే మెయిల్‌లో చేర్చి, కొత్తవారిని కూడా అందులో పెట్టి, ‘ఇవి మీ దృష్టిలో సరిగా ఉన్నాయా’ అని అడగండి. ఆయన ‘ఉన్నాయి’ అని ఒక్క మాట రాసి వెళ్తే చాలు, తొమ్మిది నెలల పనికి సాక్షి ఉన్నట్టే.

చివరగా, ఎక్కడ రాసుకోవాలి అనేది. మీ సంస్థ ఇచ్చిన నోట్స్ లేదా డ్రైవ్‌లో రాసుకోండి. క్లయింట్ సిస్టమ్‌లో ఉంచితే ప్రాజెక్టు మారిన రోజున పోతుంది. సొంత మెయిల్‌కు పంపుకుంటే సమాచార భద్రతా నియమాల ఉల్లంఘన అవుతుంది, దానివల్ల ఉద్యోగానికే ముప్పు రావచ్చు. టికెట్ నంబరు రాయవచ్చు గాని, పాలసీ నంబరు, ఖాతా నంబరు, వినియోగదారుడి పేరు, పాస్‌వర్డ్ ఉన్న స్క్రీన్‌షాట్ ఏదీ లాగులోకి రాకూడదు.

ఇందాక వెనక వరుసలోంచి ఒకరు నైట్ షిఫ్ట్ గురించి అడిగారు. షిఫ్ట్ అర్ధరాత్రి దాటుతుంది కదా, ఏ తేదీ కింద రాయాలి అని. షిఫ్ట్ మొదలైన తేదీ కిందే రాయండి, వాక్యంలో మాత్రం అసలు సమయం వేయండి, ఎందుకంటే టికెట్ మీద ఉండే తేదీ అర్ధరాత్రి తర్వాత మారిపోతుంది. అప్పగింత కాల్‌లో తర్వాతి షిఫ్ట్ వారికి మీరు చెప్పే మాటల నుంచే ఆ రోజు మూడు వాక్యాలూ వస్తాయి. ఆ కాల్ ముగిసిన వెంటనే, లాగౌట్ కాకముందే, వాటిని రాసేయండి. ఇంకా ప్రశ్నలుంటే ఇప్పుడు అడగవచ్చు.